సారాంశంలో ఉన్న మాట మూలంలో ఉందా?

పెద్ద వార్తలకు సారాంశాలు ఇప్పుడు యంత్రాలే రాసేస్తున్నాయి. చిక్కల్లా వార్తలో లేని మాటలు వాటిలో చేరడమే. గూగుల్ పరిశోధకులు 2020లో బీబీసీ వార్తలకు యంత్రాలు రాసిన ఏకవాక్య సారాంశాలను మనుషులతో పరీక్షింపజేస్తే, నూటికి 70కి పైగా సారాంశాల్లో అలాంటి మాటలు బయటపడ్డాయి. వాటిని పట్టుకునేటప్పుడు “ఇది నిజమా?” అని అడగకూడదు. “మూలం ఈ మాట చెప్పిందా?” అని అడగాలి.

ఒక వార్తలో రెండే సంగతులు ఉన్నాయనుకుందాం: చంద్రయాన్-3 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరింది, ఆగస్టు 23న దాని ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. సారాంశం ఇలా వచ్చింది:

“చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుడిపై దిగింది. ఈ ఘనత సాధించిన నాలుగో దేశం భారత్.”

రెండో వాక్యం నిజమే. సోవియట్ యూనియన్, అమెరికా, చైనాల తర్వాత మనమే. అయినా అది ఆధారం లేని వాక్యమే, ఎందుకంటే వార్తలో ఆ సంగతి లేదు. రేపు అదే యంత్రం “మూడో దేశం” అని రాసినా, వార్త ఒక్కటే చేతిలో ఉన్న ఎడిటర్ ఆ తప్పును పట్టుకోలేరు.

పరీక్షలో సారాంశాన్ని వాక్యాలుగా విడగొట్టి, ఒక్కోదాన్నీ మూలంతో పోల్చి చూస్తారు. మూలం బలపరచవచ్చు, కాదనవచ్చు, ఏమీ చెప్పకపోవచ్చు. చివరి రెండు రకాలూ జాబితాకెక్కుతాయి. ఇక్కడ జాగ్రత్త కావాలి. “ఈ ఘనత” అంటే ఏమిటో ముందు వాక్యం చదివితేనే తెలుస్తుంది. మూలంలో రెండుచోట్ల ఉన్న సంగతులను సారాంశం ఒకే వాక్యంలో కలిపినప్పుడు, మూలాన్ని ఒక్కో వాక్యంగా మాత్రమే చూసే పరీక్ష మంచి వాక్యాన్ని కూడా తప్పుపడుతుంది.

ఫలితం ఇలా ఉంటుంది:

```json
[{"start": 43, "end": 76,
  "text": "ఈ ఘనత సాధించిన నాలుగో దేశం భారత్."}]
```

లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. 76వ స్థానం వాక్యంలోకి రాదు. తెలుగులో అసలు తలనొప్పి ఈ అంకెల దగ్గరే. “చంద్రుడిపై” అన్న మాటలో మనకు కనిపించేవి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో సున్నా, గుడి, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి అవి పది. యూటీఎఫ్-8 బైట్లలో ముప్పై. బైట్లు లెక్కపెడితే మన వాక్యం 43 దగ్గర కాక 109 దగ్గర మొదలవుతుంది. సారాంశం మొత్తం పొడవే 76 కనుక, ఆ అంకెను నమ్మి తెరమీద పసుపు రంగు పూయబోయిన ప్రోగ్రామ్‌కు అక్కడ ఏమీ దొరకదు.

భాషా నమూనాను నేరుగా స్థానాలు అడిగితే తరచుగా తప్పు లెక్క చెబుతుంది. అందుకే దాన్నుంచి వాక్యం మాత్రమే తీసుకుని, స్థానాన్ని మామూలు ప్రోగ్రామ్‌తో వెతికించడం మేలు. ఆ తర్వాత `summary[43:76]` అని కోసి చూడాలి. వచ్చిన ముక్క `text`లోని వాక్యంతో చుక్కతో సహా సరిపోకపోతే, ఆ వరుసను జాబితాలోంచి తీసి మళ్లీ పరీక్షకు పంపాలి.