ఏడున్నర కాల్ ఆరున్నరకు ఎందుకు మారుతుంది?

హైదరాబాద్‌లో ఒక టీమ్, న్యూయార్క్‌లో క్లయింట్, లండన్‌లో ఆ క్లయింట్ కంపెనీదే మరో టీమ్. ప్రతి మంగళవారం అందరూ ఒక గంటసేపు కాల్‌లో కలుస్తారు. జనవరిలో మొదలుపెట్టినప్పుడు న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలు, లండన్‌లో మధ్యాహ్నం 2, హైదరాబాద్‌లో రాత్రి 7:30. రెండు నెలలు సాఫీగా నడుస్తుంది. 2026 మార్చి 10న హైదరాబాద్ వాళ్లు అలవాటుగా ఏడున్నరకు లాగిన్ అయితే కాల్ అప్పటికే ముగిసిపోయి ఉంటుంది. మీటింగ్ వేళను ఎవరూ మార్చలేదు. మారింది న్యూయార్క్ గడియారం.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పి 3 చేస్తారు. నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారు. 2007 నుంచి అక్కడ ఇదే పద్ధతి. మధ్యలోని ఆ ఎనిమిది నెలల కాలాన్నే డేలైట్ సేవింగ్ టైమ్ అంటారు. వేసవిలో అక్కడ పొద్దు చాలా తొందరగా పొడుస్తుంది. జనం నిద్రలో ఉండగా గడిచిపోయే ఆ వెలుతురును సాయంత్రానికి జరుపుకోవడం దీని ఉద్దేశం. లండన్‌లో జూన్‌లో పగలు పదహారున్నర గంటలు దాటుతుంది, డిసెంబర్‌లో ఎనిమిది గంటలు కూడా ఉండదు. హైదరాబాద్‌లో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటలకు కాస్త పైన మాత్రమే. జరుపుకోవడానికి మనకు అంత వెలుతురు మిగలదు. మన దేశంలో ఏడాది పొడవునా ఒకే సమయం నడుస్తుంది, కాబట్టి మార్పు భారమంతా ఇటువైపు క్యాలెండర్ మీద పడుతుంది.

వాళ్లు గడియారాన్ని ముందుకు తిప్పితే మన మీటింగ్ వెనక్కి ఎందుకు వస్తుంది? చాలామంది తికమకపడేది ఇక్కడే. చలికాలంలో న్యూయార్క్ మనకంటే పదిన్నర గంటలు వెనకుంటుంది. గడియారం ఒక గంట ముందుకు తిప్పగానే ఆ తేడా తొమ్మిదిన్నరకు తగ్గుతుంది. అక్కడ ఉదయం 9 కావడానికి మనం రాత్రి ఏడున్నర దాకా ఆగనక్కర్లేదు, సాయంత్రం ఆరున్నరకే అక్కడ తొమ్మిది అవుతుంది.

లండన్ సంగతి వేరు. బ్రిటన్, యూరోపియన్ యూనియన్ దేశాలు గడియారం మార్చేది మార్చి చివరి ఆదివారం, తిరిగి మార్చేది అక్టోబర్ చివరి ఆదివారం. 2026లో అవి మార్చి 29, అక్టోబర్ 25. అమెరికా తేదీలు మార్చి 8, నవంబర్ 1. అంటే మార్చిలో మూడు వారాలు, శరదృతువులో ఒక వారం పాటు న్యూయార్క్‌కూ లండన్‌కూ మధ్య తేడా 5 గంటలు కాకుండా 4 గంటలే ఉంటుంది. మార్చి 10, 17, 24 తేదీల్లో లండన్ వాళ్లకు మన మంగళవారం కాల్ మధ్యాహ్నం ఒంటిగంటకు, సరిగ్గా భోజనం వేళకు పడుతుంది. 31 నుంచి మళ్లీ రెండింటికి. అక్టోబర్ 27న ఇంకోసారి ఒంటిగంటకు వచ్చి, నవంబర్ 3న కుదురుకుంటుంది. న్యూయార్క్‌లో మాత్రం ఏడాదంతా ఉదయం 9 గంటలే.

ఎందుకంటే ఈ మీటింగ్‌ను న్యూయార్క్ గడియారానికి కట్టారు. ప్రతివారం వచ్చే మీటింగ్ పెట్టినప్పుడు క్యాలెండర్ సాఫ్ట్‌వేర్ గంటలతోపాటు ఒక ఊరి పేరును కూడా రాసుకుంటుంది. ఇన్వైట్ ఫైలు విప్పి చూస్తే ఇలా ఉంటుంది:

```
DTSTART;TZID=America/New_York:20260106T090000
RRULE:FREQ=WEEKLY;BYDAY=TU
```

న్యూయార్క్ గడియారంలో 2026 జనవరి 6న ఉదయం 9కి మొదలై, ప్రతి మంగళవారం రావాలని దీని అర్థం. ఇదే ఇన్వైట్‌ను హైదరాబాద్ వాళ్లు తమ సమయంలో పెట్టి ఉంటే ఆ చోట `Asia/Kolkata` అని ఉండేది. అప్పుడు మనకు ఏడాదంతా ఏడున్నరే ఉండేది, వేసవిలో న్యూయార్క్ వాళ్లకు అది పది గంటలకు జరిగేది. కాబట్టి ఈ మార్పు గురించి టీమ్‌కు నోటీసు రాసే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీటింగ్ ఎవరి గడియారానికి కట్టి ఉంది? దాన్ని బట్టే ఎవరి వేళ కదులుతుందో తెలుస్తుంది.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఫిబ్రవరి ఆఖర్లోనే క్యాలెండర్‌లో మార్చి 3నాటి మీటింగునూ, 10నాటి మీటింగునూ పక్కపక్కన చూడండి. ఒకటి ఏడున్నర, ఇంకోటి ఆరున్నర చూపిస్తే సాఫ్ట్‌వేర్ ఆ లెక్క ముందే చేసేసిందన్నమాట. ఇక ఇన్వైట్‌ను ముట్టుకోకూడదు. మన వాళ్లలో ఒకరు సాయం చేద్దామని మార్చి 3నాటి ఏడున్నరను చూసి మొత్తం వరుసనే ఆరున్నరకు మార్చారనుకోండి. న్యూయార్క్‌లో అది ఉదయం 8 అవుతుంది. తర్వాతి వారం అమెరికా గడియారం మారగానే మనకు ఐదున్నరకు వచ్చి కూర్చుంటుంది. ఒక గంట మార్పు రెండుసార్లు జరిగినట్టు లెక్క. మార్చిలో నేను చూసిన గందరగోళాల్లో ఎక్కువ భాగం ఇలా పుట్టినవే.

ఇక నోటీసు. “డేలైట్ సేవింగ్ వల్ల వచ్చే వారం నుంచి కాల్ ఒక గంట ముందు ఉంటుంది” అని రాస్తే చదివిన ప్రతివాళ్లూ తమకు తోచినట్టు అర్థం చేసుకుంటారు. ముందు అన్నది ఎవరికి? వచ్చే వారం అంటే ఆదివారం అందిన మెయిల్‌లో ఏ వారం? ఐఎస్‌టీ, ఈఎస్‌టీ లాంటి పొడి అక్షరాలూ నమ్మదగ్గవి కావు. ఐఎస్‌టీ మనకు భారత సమయమైతే ఐర్లాండ్, ఇజ్రాయెల్ వాళ్లకు తమ తమ సమయం. ఈఎస్‌టీ న్యూయార్క్‌లో చలికాలపు పేరు, జులైలో వాడితే తప్పు. ఊరి పేరు, తేదీ, వారం, గంట రాస్తే ఏ అనుమానానికీ చోటుండదు. మా టీమ్‌కు నేను రాసే తీరు ఇది:

“మార్చి 10, మంగళవారం నుంచి మన వారపు కాల్ హైదరాబాద్‌లో సాయంత్రం 6:30కి మొదలవుతుంది. ఇప్పటిదాకా ఉన్న రాత్రి 7:30 వేళకు జరిగే చివరి కాల్ మార్చి 3న. న్యూయార్క్‌లో మార్పు లేదు, ఉదయం 9 గంటలే. లండన్‌లో మార్చి 10, 17, 24 తేదీల్లో మధ్యాహ్నం 1 గంటకు, మార్చి 31 నుంచి తిరిగి 2 గంటలకు. హైదరాబాద్‌లో ఈ వేళ అక్టోబర్ 27 దాకా ఉంటుంది, నవంబర్ 3 నుంచి మళ్లీ రాత్రి 7:30. కారణం: అమెరికాలో మార్చి 8న, బ్రిటన్‌లో మార్చి 29న గడియారాలు మారుతున్నాయి. ఇన్వైట్ పాతదే, దయచేసి ఎవరూ మార్చవద్దు.”

కొత్త వేళ మొదటి వాక్యంలోనే ఉంది, కారణం చివరికి పోయింది. ఫోన్‌లో మెయిల్ పైపైన చూసేవాళ్లకు కావాల్సింది గంటే. మారని ఊరి గంట కూడా రాయడం దండగ కాదు. అది లేకపోతే న్యూయార్క్ వాళ్లు తమకూ మారిందేమో అనుకుంటారు. క్లయింటుకు వెళ్లే ఇంగ్లిష్ మెయిల్‌లో న్యూయార్క్, లండన్ గంటలు ముందుంటాయి, మిగతా వరుస ఇదే. పది రోజుల ముందు ఒకసారి, మార్పుకు ముందు శుక్రవారం మరోసారి పంపితే చాలు.

అర్ధరాత్రికి దగ్గరగా ఉండే కాల్స్‌తో ఇంకాస్త జాగ్రత్త పడాలి. న్యూయార్క్‌లో మంగళవారం మధ్యాహ్నం 2 గంటల మీటింగ్ చలికాలంలో మనకు బుధవారం రాత్రి 12:30కి వస్తుంది. వేసవిలో అది మంగళవారం రాత్రి 11:30 అవుతుంది. ఇక్కడ గంటతోపాటు వారం, తేదీ కూడా మారతాయి. క్యాబ్ రోస్టర్ వేసేవాళ్లకూ ఈ నోటీసు వెళ్లాలి. మీటింగ్ ఇన్వైట్ వాళ్ల దాకా రాదు.

మీ టీమ్‌లో ఫీనిక్స్‌లోనో, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లోనో ఎవరైనా ఉంటే “అమెరికా సమయం”, “ఆస్ట్రేలియా సమయం” అని రాయకండి. ఫీనిక్స్ ఉన్న అరిజోనాలో చాలా భాగం గడియారం మార్చదు. బ్రిస్బేన్ కూడా మార్చదు, సిడ్నీ మారుస్తుంది. వాళ్ల ఊరి పేరే రాయండి.