మధ్యలో తెలుగు... ఎప్పుడు మేలు?

పాఠం ఇంగ్లిషులో. పిల్లల మాట తెలుగులో. టీచరు ఈ రెండింటి మధ్యా అటూ ఇటూ నడుస్తుంటారు. ఆ నడక చదువుకు సాయమా, అడ్డమా? లెక్కల పీరియడ్‌లో కూర్చుంటే తెలుస్తుంది.

‘సబ్‌ట్రాక్ట్ 38 ఫ్రమ్ 52.’

మూడో నాలుగో తరగతి లెక్కల పుస్తకంలో కనిపించే మామూలు వాక్యం ఇది. నాలుగే ముక్కలు. ఒక పిల్లాడు దీనికి 26 అని జవాబు రాశాడనుకుందాం. రావాల్సింది 14. టీచరు ఎర్రసిరాతో ఇంటూ కొట్టి, ‘వీడికి అప్పు తెచ్చుకోవడం ఇంకా రాలేదు’ అనుకుంటారు. అలా అనుకోవడంలో తప్పేం లేదు. 2లోంచి 8 పోదు కాబట్టి పక్కనున్న పదుల్లోంచి ఒకటి తెచ్చుకోవాలి. అది రాని పిల్లలు 8లోంచి 2 తీసేసి 6 వేస్తారు. 5లోంచి 3 పోతే 2. మొత్తం 26. ఏటా ప్రతి తరగతిలోనూ కనిపించే తప్పే ఇది.

కానీ పలక మీద ఏ అంకె పైన రాశాడో చూడండి. 38 పైన, 52 కింద ఉంటే కథ వేరు. వాడు వాక్యాన్ని విన్న వరుసలోనే రాసుకున్నాడు. ముందు 38 వినిపించింది, పైన వేశాడు. తర్వాత 52 వినిపించింది, కింద వేశాడు. ఒకట్ల స్థానంలో 8లోంచి 2 పోతే 6. పదుల్లో 3లోంచి 5 పోదు కాబట్టి తిప్పి తీసేశాడు. మళ్లీ అదే 26! జవాబు ఒకటే, జబ్బులు రెండు. ఒకటి లెక్కది, రెండోది భాషది.

తెలుగులో ఈ చిక్కు రాదు. ‘52లోంచి 38 తీసేయ్’ అంటాం. పెద్ద సంఖ్య ముందు వస్తుంది, తీసేసేది తర్వాత వస్తుంది. చెవికి ఎలా వినిపిస్తుందో కాగితం మీద అలాగే కూర్చుంటుంది. ఇంగ్లిషులో ‘ఫ్రమ్’ అనే చిన్న మాట ఆ వరుసను తలకిందులు చేస్తుంది. పుట్టినప్పటి నుంచీ ‘లోంచి’ వింటూ పెరిగిన చెవి దాన్ని పట్టుకోలేకపోతే పిల్లాడి తెలివిని తప్పుపట్టలేం.

ఇలాంటప్పుడు టీచరు చేయాల్సిన పని అర నిమిషమే. అదే ప్రశ్నను తెలుగులో అడగాలి. ‘52 రూపాయల్లోంచి 38 ఖర్చుపెడితే ఎంత మిగులుతుందిరా?’ వాడు వెంటనే 14 అంటే తీసివేత వచ్చు, ‘ఫ్రమ్’ రాదు అన్నమాట. అప్పుడు నేర్పాల్సింది ఇంగ్లిషు. తెలుగులో అడిగినా 26 అంటే పదుల కట్ట విప్పి చూపించాలి, నేర్పాల్సింది లెక్క. ఇంగ్లిషులోనే పదిసార్లు అదే వాక్యం గట్టిగా చదివితే ఈ తేడా ఎప్పటికీ బయటపడదు. తరగతిలో భాష మార్చడం వల్ల కలిగే మొదటి లాభం ఇదే, తప్పు ఎక్కడుందో దొరుకుతుంది.

రెండు పేజీల పుస్తకం

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 విద్యాసంవత్సరం నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మాధ్యమం మొదలైంది. పుస్తకాలను ఒక పేజీ ఇంగ్లిషులో, దానికి ఎదురు పేజీ తెలుగులో అచ్చువేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందే ఇలాంటి జంట పుస్తకాలు వచ్చాయి. అంటే రెండు భాషలూ పక్కపక్కనే ఉండాలన్న సంగతి పుస్తకం ఒప్పుకుంది. కానీ ఏ పేజీ ఎప్పుడు తిప్పాలో పుస్తకం చెప్పదు. అది టీచరు చేతిలో పని.

చాలామంది చేసేదేమిటంటే, ప్రతి వాక్యానికీ వెంటనే అర్థం చెప్పేస్తారు. ‘దిస్ ఈజ్ ఎ ట్రయాంగిల్. ఇది త్రిభుజం. ఇట్ హ్యాజ్ త్రీ సైడ్స్. దీనికి మూడు భుజాలుంటాయి.’ వినడానికి బాగానే ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బంది లేకపోవడమే అసలు ఇబ్బంది. తెలుగు ఎలాగూ వస్తుందని తెలిశాక ఇంగ్లిషు వాక్యం వచ్చినప్పుడు పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారు. అమెరికాలో ద్విభాషా తరగతులను పరిశీలించిన భాషావేత్త లిలీ వాంగ్ ఫిల్‌మోర్ 1980ల్లోనే ఈ సంగతి గమనించారు. వెనకే అనువాదం వస్తుందనుకుంటే పిల్లలు తమకు రాని భాషను వినడం మానేస్తారు. మీ తరగతిలో ఇది జరుగుతోందో లేదో తెలుసుకోవడం తేలికే. ఒకరోజు ఇంగ్లిషు వాక్యం చెప్పి ఆగిపోండి. పిల్లలందరూ మీ మొహంకేసి చూస్తూ ఎదురుచూస్తుంటే వాళ్లు అప్పటిదాకా ఏం వింటున్నారో అర్థమైపోతుంది.

మరో సంగతి. అనువాదంలో వచ్చే తెలుగు ఏ తెలుగు? ‘ఎల్.సి.ఎం.’కు బదులు ‘కనిష్ఠ సామాన్య గుణిజం’ అన్నారనుకోండి. పిల్లాడికి రెండూ కొత్తే. ఏ ఇంట్లోనూ అమ్మ ఆ మాట అనదు. ఒక పరాయి మాట పోయి మరో పరాయి మాట వచ్చింది, అంతే. అదే ‘మన వీధికి చేపలమ్మి నాలుగు రోజులకోసారి, గాజులమ్మి ఆరు రోజులకోసారి వస్తారు. ఇవాళ ఇద్దరూ వచ్చారు. మళ్లీ ఇద్దరూ ఒకేరోజు ఎప్పుడొస్తారు?’ అని అడిగితే వేళ్లు లెక్కపెట్టుకుని ‘పన్నెండో రోజు’ అంటారు. ‘దాన్నే ఎల్.సి.ఎం. అంటారు’ అని అప్పుడు చెబితే ఆ మాట ఆనుకోవడానికి ఒక గోడ దొరుకుతుంది.

మాటల్లో దాక్కున్న లెక్క

అర్థం చెప్పడం వేరు, మాట్లాడించడం వేరు. ఈ తేడా తెలియాలంటే ఇంకో లెక్క చూడాలి. ‘రవి హ్యాజ్ 12 మార్బుల్స్. హి హ్యాజ్ 5 మోర్ దేన్ సురేష్. హౌ మెనీ మార్బుల్స్ డజ్ సురేష్ హ్యావ్?’ చాలామంది 17 అని రాస్తారు. ‘మోర్’ అంటే కూడిక అని ఎప్పుడో ఎవరో చెప్పి ఉంటారు. సరే, తెలుగులోకి మార్చేద్దాం. ‘రవి దగ్గర 12 గోళీలున్నాయి. సురేష్ కంటే 5 ఎక్కువ ఉన్నాయి. సురేష్ దగ్గర ఎన్ని?’ ఇప్పుడూ కొందరు 17 అంటారు. ‘ఎక్కువ’ అన్న మాట ‘మోర్’ అంత పనీ చేస్తుంది! అనువాదంతో కష్టం తీరలేదు.

అక్కడ టీచరు తెలుగులో అడగాల్సింది వేరే ప్రశ్న. ‘ఇద్దరిలో గోళీలు ఎక్కువున్నది ఎవరికి?’ రవికి. ‘మరి సురేష్‌కి 17 అన్నావు, ఎవరికి ఎక్కువైంది?’ పిల్లాడు ఆగుతాడు. పక్కవాడు ‘ఒరేయ్, రవికే ఎక్కువ కదరా’ అంటాడు. చిన్న గొడవ. రెండు గీతలు గీస్తారు. పొడుగుది రవిది, పొట్టిది సురేష్‌ది. తేడా 5. చివరికి 7 వస్తుంది. ఈ గొడవ ఇంగ్లిషులో జరగదు. ‘అలా అయితే’, ‘కాబట్టి’, ‘కాదు కానీ’ అనడానికి కావాల్సినంత ఇంగ్లిషు నాలుగో తరగతి పిల్లల దగ్గర ఉండదు. ఆలోచించడానికి వాళ్లకున్న భాష తెలుగే.

దక్షిణాఫ్రికాలో ఈ విషయాన్ని దగ్గరగా చూశారు. అక్కడ ఇంట్లో సెట్స్వానా లాంటి భాషలు, బళ్లో ఇంగ్లిషు. గణిత విద్యను పరిశోధించిన మమోకెతి సెటాటి ప్రాథమిక తరగతుల్లో రికార్డు చేసిన పాఠాల్లో ఒక తీరు కనిపించింది. ‘ఇది రాయి, దాంతో హెచ్చవేయి’ లాంటి పద్ధతి ప్రకారం సాగే మాటలు ఎక్కువగా ఇంగ్లిషులో నడుస్తాయి. ‘ఎందుకలా?’ అన్న చర్చ మాత్రం ఇంటిభాషలోకి మారినప్పుడే ఎక్కువగా వస్తుంది. అక్కడివారే జిల్ ఆడ్లర్, 2001లో తెచ్చిన పుస్తకంలో టీచర్ల ఇరకాటాన్ని రాశారు. ఇంటిభాషలోకి మారితే పిల్లలకు అర్థమవుతుంది, కానీ ఇంగ్లిషు వినే అవకాశం తగ్గుతుంది. మారకపోతే ఇంగ్లిషు వినిపిస్తుంది, లెక్క అర్థం కాదు. మన టీచర్లకు ఇది వేరే చెప్పాలా? తనిఖీ అధికారి గుమ్మంలో కనిపించగానే తెలుగు ఆపేసే టీచర్లు ఉన్నారు. తప్పుచేస్తున్నట్టు!

తిరిగి రావాలి

తెలుగులోకి వెళ్లడం సగం పనే. పరీక్ష ఇంగ్లిషులో ఉంటుంది. వెళ్లిన చోటి నుంచి తిరిగి రాకపోతే పిల్లాడికి విషయం తెలిసీ రాయలేడు.

భిన్నాల పాఠం తీసుకుందాం. 1/4 పెద్దదా, 1/8 పెద్దదా? ఎనిమిది పెద్దది కాబట్టి 1/8 పెద్దదనడం పిల్లల అలవాటు. ‘వన్ బై ఎయిట్’ అన్న మాటలో ముక్కలు చేసిన ఊసే లేదు. కిరాణా కొట్టుకెళ్లే పిల్లాడికి పావు తెలుసు. కొన్ని ఇళ్లలో అరపావు కూడా తెలుసు. పావుకిలో పంచదార, అరపావు మిరియాలు. పావులో సగం అరపావు అని ఆ మాటే చెబుతోంది. పైగా తెలుగులో 3/4ను ‘నాలుగింట మూడు’ అంటాం. ముందు ఎన్ని ముక్కలు చేశామో చెప్పి, తర్వాత ఎన్ని తీసుకున్నామో చెబుతాం. ఇంగ్లిషు ‘త్రీ ఫోర్త్స్’లో ఆ వరుస తారుమారు. కాగితం మడతపెడుతూ చెప్పడానికి తెలుగు వరుసే అనువు. ముందు నాలుగు మడతలు, తర్వాత మూడింటికి రంగు.

పిల్లలు ‘అరపావే చిన్నది’ అని తేల్చాక అక్కడితో పాఠం ముగించకూడదు. ‘దీన్ని ఇంగ్లిషులో ఎలా చెబుదాం?’ అని అడిగి బోర్డు మీద సగం వాక్యం రాయాలి. ‘వన్ ఎయిత్ ఈజ్ స్మాలర్ దేన్ వన్ ఫోర్త్ బికాజ్...’ మిగతాది పిల్లలు పూర్తిచేయాలి. ఒకరు ‘మోర్ పార్ట్స్’ అంటారు, ఇంకొకరు ‘స్మాల్ పీసెస్’ అంటారు. టీచరు వాటిని కలిపి నిండు వాక్యం చేసి చెబితే, పిల్లలు అది పలికి నోట్సులో రాసుకుంటారు. ఇప్పుడు ఆ ఇంగ్లిషు వాక్యం బట్టీ కాదు. దాని అర్థం ముందే వాళ్ల చేతిలో ఉంది.

ఇంట్లో అమ్మానాన్నలకు ఇంగ్లిషు రాకపోయినా హోంవర్కులో ఇదే పని చేయొచ్చు. ‘లెక్కలో ఏం ఇచ్చాడు, ఏం అడిగాడు? నాకు తెలుగులో చెప్పు’ అంటే చాలు. చెప్పగలిగితే ప్రశ్న అర్థమైనట్టే. చెప్పలేకపోతే ఏ మాట దగ్గర ఆగాడో ఆ మాట కింద గీత గీసి మర్నాడు టీచర్ని అడగమనండి.

తెలుగు కూడా పరాయిదే అయినచోట

ఇంతవరకూ చెప్పిందంతా ఇంటిభాష తెలుగైన పిల్లల సంగతి. ఏజెన్సీ బళ్లలో లెక్క మారిపోతుంది. సవర పిల్లాడికి ఇంగ్లిషు రాదని టీచరు తెలుగులోకి మారితే, వాడికి ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు విసిరేసినట్టుంటుంది. కోయ, గోండి, కొలామి తెలుగుకు దూరపు చుట్టాలైనా అవుతాయి. సవర అసలు ద్రావిడ కుటుంబానిదే కాదు, ముండా భాష.

ఈ సంగతి గుర్తించే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గిరిజన ప్రాంతాల బళ్లలో ఎనిమిది భాషల్లో చదువు మొదలుపెట్టారు. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా. ఒకటో తరగతి ఇంటిభాషతో మొదలై, తెలుగు మెల్లగా చేరాలన్నది ఆలోచన. అలాంటి ఏర్పాటు లేనిచోట, టీచరుకు ఆ భాష రానప్పుడు, ఒక దారి ఉంది. పైన చెప్పిన గోళీల గొడవను పిల్లలు జంటలుగా కూర్చుని తమ భాషలోనే పడనివ్వడం. టీచరుకు ఒక్క ముక్క అర్థం కాకపోవచ్చు. పలక మీద గీసిన రెండు గీతల్లో ఏది పొడుగుగా ఉందో మాత్రం కనిపిస్తుంది.