సెండాఫ్‌ల ఏ మాట తెలుగుల, ఏ మాట ఇంగ్లిష్‌ల?

సికింద్రాబాద్ స్టేషన్ల నిలవడితె ఒక్క బండి ముచ్చట మూడు సార్లు ఇనవడ్తది. తెలుగుల, హిందీల, ఇంగ్లిష్‌ల. ఆడ అది కరెక్టే. ప్లాట్‌ఫారం నంబరు అర్థంగాకపోతె మనిషి బండి తప్పిపోతడు. గదే పద్ధతి సెండాఫ్ మీటింగుల పెడితె మాత్రం ఆగమైతది. నేను పెట్టిన, అందుకే చెప్తున్న.

ఈ ఊర్ల కలగలుపు మంది కొత్తేం గాదు. 1806ల కంటోన్మెంట్ అయినకాడికెల్లి అన్ని దిక్కుల మంది వచ్చిన్రు. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వేకు ఇదే హెడ్డాఫీసయ్యింది. ఇగ కేంద్ర సర్కారు ఉద్యోగికి అరవై ఏండ్లు నిండితె ఆ నెల ఆఖరి రోజే రిటైర్మెంట్. అందుకే నెలాఖరొస్తె ఏదో ఒక ఆఫీసుల దండలు, శాలువలు కనవడ్తయి. ఊరికెల్లి వచ్చిన పిల్లగాడుంటె మైకు ఆయన చేతికే. “నీకు రెండు భాషలొస్తయి గదా” అంటరు.

నాకూ గట్లనే ఇచ్చిన్రు. మేం పద్నాలుగు మందిమి. ఇద్దరు కేరళోళ్లు, ఒక తమిళ సార్, ఒక బీహార్ తమ్ముడు, మిగిలినోళ్లం తెలుగోళ్లం. పోయే అన్నది జనగామ దిక్కు పల్లె. వదిన ముందల కుర్చీల కూసున్నది. నేను ప్రతి మాట రెండు సార్లు చెప్పిన. ఇరవై ఐదు నిమిషాల మీటింగు యాభై నిమిషాలైంది. ఒక జోకుకు తెలుగోళ్లు ముందుగాల నవ్విన్రు, దాన్ని ఇంగ్లిష్‌ల చెప్పినంక ఎవ్వలూ నవ్వలే. అందరు ఫోన్లు తీసిన్రు. పెద్ద సార్లు అన్నను పొగిడేకాడికి వచ్చేసరికి టైం లేక ఒక్క ఇంగ్లిష్‌తోనే కానిచ్చిన. బయటికొచ్చినంక వదిన అడిగింది: “ఆయన గురించి మంచిగనే చెప్పిన్రా తమ్మీ?”

గా మాట ఇప్పటికీ మర్వలే. తర్వాతి నెల ఇంకో అన్న సెండాఫ్‌కు కాయిదం పట్టుకోని ముందే కూసున్న. ఏ భాష గొప్పదని గాదు, ఈ ముక్క అర్థంగాకపోతె ఎవ్వలకు నష్టమని అడుక్కుంట పోయిన.

ఎప్పుడు చేరిండు, యే సెక్షన్ల ఎన్నేండ్లు చేసిండు అన్నది ఇంగ్లిష్‌ల, రెండు నిమిషాలు. ఇంటోళ్లకు అది ఎట్లనో తెల్సు. ఆఫీసుల ఆయనేం జేసిండో మాత్రం ఇంటోళ్లకు తెల్వదు, అది తెలుగుల. వానల ఒక రాత్రి కేరళ తమ్ముని భార్యకు నొప్పులొస్తె, ఈయన రెండో డ్యూటీ గూడ జేసిండు. ఆ ముచ్చట కేరళ తమ్ముడే ఇంగ్లిష్‌ల చెప్పిండు, అది ఆయన నోట్లెకెల్లే రావాలె. నేను ఎన్క ఒక్క మాటే తెలుగుల అన్న: “ఆ రాత్రి ఈ అన్న లేకుంటె నేను నా బిడ్డ పుట్టంగ సూడకపోతుంటి అంటున్నడు.” ఆ అన్న భార్య కొంగు కండ్లకు అడ్డం పెట్టుకున్నది.

జోకును తర్జుమా చెయ్యొద్దు. తెలుగుల మొదలువెట్టకముందే, కోతి టిఫిన్ డబ్బ ఎత్తుకపోయిన కథ వస్తున్నదని ఇంగ్లిష్‌ల ఒక్క ముక్క చెప్పిన. కథ తెల్సింది గాబట్టి, చేతులు తిప్పుడు సూసి తమిళ సార్ గూడ అందరితో పాటే నవ్విండు. అదే ముక్క ఎన్క చెప్తె వివరణైతది, నవ్వు రాదు.

పిలుపు సంగతి ఇంకోటి. ఇంగ్లిష్‌ల మీరు, నువ్వు రెండూ ఒక్కటే. అందుకే ఇంగ్లిష్ మాట్లాడేటోళ్లను గూడ ‘అన్న’ అనే పిలువుమన్న. తమిళ సార్‌కు అది అల్కగనే వచ్చింది, ఆళ్ల భాషల గూడ అన్న అన్ననే గదా.

స్టేషన్ లెక్క రెండు భాషలల్ల చెప్పేది ఒక్కటే ఉన్నది, పింఛన్ ముచ్చట. పింఛన్ ఆర్డరు నంబరు యాడ రాసి ఉంటదో, ప్రతి ఏడు నవంబర్ల బతికున్నట్టు సర్టిఫికెట్ ఇయ్యాలని, ఆయన ఎన్క ఇంటామెకు వచ్చే పింఛన్‌కు యే కాయిదాలు భద్రం జేస్కోవాల్నో, తెలుగుల నిమ్మలంగ చెప్పించిన. ఆమె బిడ్డ ఫోన్ల రాసుకున్నది.

మా లెక్క పద్నాలుగుల నలుగురికి నడిచింది. తెలుగు రానోళ్లు సగం మంది ఉంటె నడుమ కట్టె ఇంగ్లిష్‌దే పెట్టాలె, తెలుగు ఇంటోళ్ల కోసం రెండు మూడు తావుల్ల ఉంటె సాలు.

ఆఖరికి మైకు అన్నకిచ్చిన. ఇంగ్లిష్‌ల మాట్లాడాల్నా అని మెల్లగ అడిగిండు. వద్దన్న. మనకాడ ‘పోతున్న’ అనరు గదా, ఆయన గూడ చేతులు జోడించి “పోయొస్త” అన్నడు. పక్కన కేరళ తమ్ముడు అర్థం అడిగితె, “పోయి మల్లొస్త” అని చెప్పిన. “మా దిక్కు గూడ గట్లనే అంటరు” అన్నడు.