కంపెనీ కారు ఆఫీసుకూ ఇంటికీ వాడితే జీతంలో ఎంత కలపాలి?

మా హోసూరు వైపు తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది ఇక్కడి ఫ్యాక్టరీలలోనూ బెంగళూరు కంపెనీలలోనూ పని చేస్తున్నారు. వారిలో కొందరికి కంపెనీ కారు ఇస్తుంది. మొన్న జనవరిలో మా సంఘ సభ్యుడొకరి కుమారుడు పన్ను అంచనా కాగితం పట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. "బాబాయిగారూ, కారు పేరుమీద నా ఆదాయంలో 5,40,000 రూపాయలు కలిపారు. మూడు నెలల జీతం కోతకే పోతుంది" అన్నాడు.

కాగితం చూశాం. కారు ధర 12 లక్షలు, అందులో పది శాతం అరుగుదల 1,20,000. పెట్రోలు, సర్వీసు కలిపి 2,40,000. డ్రైవరు జీతం 1,80,000. కూడిక సరిగానే ఉంది. కానీ అది కారును పూర్తిగా సొంత పనులకే వాడేవారికి వేయవలసిన లెక్క. ఈ అబ్బాయి అదే కారులో వారంలో నాలుగు రోజులు డీలర్ల దగ్గరకు తిరుగుతాడు, సెలవు రోజుల్లో ఇంటివాళ్లను తీసుకెళతాడు. అంటే ఉమ్మడి వాడకం. దానికి లెక్క వేరు.

1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనలలో 3వ నిబంధన ఈ లెక్క చెబుతుంది. కారు కంపెనీదై, ఖర్చంతా కంపెనీయే భరిస్తే, కారు ధరతోనూ అసలు ఖర్చుతోనూ పనిలేదు. ఇంజను 1.6 లీటర్లు దాటకపోతే నెలకు 1,800 రూపాయలు, దాటితే 2,400. డ్రైవరును కూడా ఇస్తే ఇంకో 900. ఇంజను ఎంతో ఆర్‌సీలో సీసీ అంకె చూస్తే తెలుస్తుంది. 1,600 వరకు చిన్న ఇంజను కిందే లెక్క.

మన అబ్బాయి కారు 1,498 సీసీ, డ్రైవరు ఉన్నాడు. కనుక నెలకు 2,700, ఏడాదికి 32,400. అతను 30 శాతం శ్లాబులో ఉన్నాడు. సెస్సుతో కలిపి 31.2 శాతం. కంపెనీ లెక్క ప్రకారం కారు మీద పన్ను 1,68,480 రూపాయలు. సరైన లెక్క ప్రకారం సుమారు 10,109. తేడా లక్షన్నర పైమాటే.

సొంత తిరుగుడుకు అయ్యే పెట్రోలు, నిర్వహణ ఖర్చు ఉద్యోగే పెట్టుకుంటే 1,800 బదులు 600, 2,400 బదులు 900 కలుపుతారు. డ్రైవరుకు 900 మామూలే. అలా కాక, ఖర్చంతా కంపెనీయే పెట్టి, సొంత వాడకం కింద నెలకు కొంత జీతంలో పట్టుకుంటూ ఉంటే, ఆ పట్టుకున్న సొమ్మును 1,800లో నుంచి తీసివేయడానికి వీల్లేదు. పూర్తిగా సొంత వాడకమైన కారుకే ఆ తగ్గింపు ఉంది.

కారు ఉద్యోగి పేరనే ఉండి, కంపెనీ ఖర్చు మాత్రం తిరిగి ఇస్తుంటే లెక్క తలకిందులవుతుంది. అప్పుడు కంపెనీ ఇచ్చిన మొత్తంలో నుంచి ఆ 1,800 లేదా 2,400 తీసివేసి, మిగిలినది జీతంలో కలుపుతారు. డ్రైవరు లేని చిన్న కారుకు ఏడాదికి 2,40,000 ఇస్తే, 21,600 పోను 2,18,400 ఆదాయమే. ఆఫీసు పనికే ఇంకా ఎక్కువైందని చెప్పాలంటే లాగ్ బుక్కు కావాలి. తేదీ, వెళ్లిన చోటు, కిలోమీటర్లు, ఖర్చు అందులో ఉండాలి, కంపెనీ ధ్రువపత్రమూ ఉండాలి. అందుకే "కారు నీ పేర కొనుక్కో, ఖర్చు మేమిస్తాం" అన్నప్పుడు ముందు ఈ లెక్క వేసుకోండి.

కంపెనీ రెండు కార్లు ఇచ్చి రెండూ ఉమ్మడిగా వాడితే, ఒకదానికే ఈ తక్కువ లెక్క. రెండోది పూర్తిగా సొంత వాడకం కిందికి వస్తుంది.

మన అబ్బాయి చేత అకౌంట్స్ విభాగానికి ఒక పేజీ ఉత్తరం రాయించాం. కారు కంపెనీ పేర ఉన్నదని, ఆఫీసు పనికి కూడా వాడుతున్నదని రాసి, ఆర్‌సీ నకలు, నాలుగైదు టూరు రిపోర్టులు జతపరిచాం. ఫిబ్రవరి జీతంలోనే కోత సరిచేశారు. మార్చి దాటితే ఇంత సులువు కాదు. ఫారం 16తో పాటు వచ్చే ఫారం 12బీఏలో కారు వరుస చూసుకుని, తప్పుంటే దాన్ని సరిచేసి ఇమ్మని కంపెనీని అడగాలి. అలా సరిచేయించకుండా మన రిటర్నులో అంకె మార్చేస్తే, రెండు కాగితాలూ కలవక నోటీసు రావచ్చు.

ఈ అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్కకు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు కనుక, ఆ తరువాతి జీతానికి కొత్త నిబంధనలలోని అంకెలే చూసుకోవాలి.