ఉపరితల ఎలక్ట్రోమయోగ్రఫీ: కొలతలను మనిషికీ మనిషికీ మధ్య పోల్చడంలోని చిక్కు

ఇద్దరు వ్యక్తులు మోచేతిని లంబకోణంలో వంచి, చేతిలో 5 కిలోల బరువును కదలకుండా పట్టుకున్న సందర్భాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. బైసెప్స్ కండరంపై అతికించిన ఎలక్ట్రోడ్ల నుండి మొదటి వ్యక్తిలో సగటున 200 మైక్రోవోల్టులు, రెండవ వ్యక్తిలో 100 మైక్రోవోల్టులు నమోదయ్యాయనుకోవాలి. ఈ అంకెలు వివరణ కోసం కల్పించినవే. వీటిని బట్టి మొదటి వ్యక్తి కండరం రెట్టింపు శ్రమిస్తోందనడం సరికాదు.

వెన్నుపాములోని ఒక చాలక నాడీకణాన్ని, అది నడిపించే కండర తంతువులను కలిపి మోటార్ యూనిట్ అంటారు. నాడీకణం ప్రేరేపించిన ప్రతిసారీ ఆ తంతువుల వెంట ఒక విద్యుత్ తరంగం సెకనుకు సుమారు 4 మీటర్ల వేగంతో సాగుతుంది. ఎలక్ట్రోడ్ల జంట కొలిచేది బలాన్ని కాదు. అనేక యూనిట్ల తరంగాలు కలిసి చర్మంపై రెండు బిందువుల మధ్య కలిగించే విభవ భేదాన్ని. ఒక తరంగపు ధనభాగం మరొకదాని ఋణభాగంపై పడితే రెండూ కొంతవరకు రద్దవుతాయి. కనుక ఒకే వ్యక్తిలోనైనా పనిచేసే యూనిట్లు రెట్టింపైతే సంకేతం రెట్టింపు కావాలని లేదు.

వ్యక్తుల మధ్య తేడాకు ముఖ్యకారణం చర్మం కింది కొవ్వు పొర. అది మందమైన కొద్దీ తంతువులకూ ఎలక్ట్రోడ్లకూ దూరం పెరిగి సంకేతం బలహీనపడుతుంది. చర్మాన్ని స్పిరిటుతో శుభ్రం చేస్తే స్పర్శ నిరోధం తగ్గుతుంది గాని, ఈ దూరం తగ్గదు.

ఎలక్ట్రోడ్లను అమర్చిన చోటు కూడా అంతే కీలకం. నాడి తంతువులను చేరే మండలం నుండి తరంగాలు రెండు వైపులకూ సాగుతాయి. ఆ మండలానికి అటూ ఇటూ ఎలక్ట్రోడ్లు పడితే రెండింటికీ దాదాపు ఒకే విభవం అంది, తీసివేతలో సంకేతం చాలావరకు మాయమవుతుంది. ఐరోపాకు చెందిన సెనియామ్ సూచనలు ఎలక్ట్రోడ్ల కేంద్రాల మధ్య 20 మిల్లీమీటర్ల దూరాన్ని, బైసెప్స్‌కు భుజాగ్రం నుండి మోచేతి మడతకు గీసిన రేఖపై మడత నుండి మూడోవంతు దూరంలోని స్థానాన్ని నిర్దేశించాయి. అయితే ఆ మండలం అందరిలో ఒకేచోట ఉండదు. మోచేయి వంగినప్పుడు చర్మం కింద జరుగుతుంది కూడా. వరుస ఎలక్ట్రోడ్లతో పరిశీలిస్తే, తరంగం దిశ తలకిందులయ్యే చోటే ఆ మండలమని తెలుస్తుంది.

అందుకే పఠనాన్ని అదే వ్యక్తి గరిష్ఠ స్వచ్ఛంద సంకోచంలో వచ్చిన విలువతో భాగిస్తారు. ఆ విలువ మొదటి వ్యక్తిలో 800, రెండవ వ్యక్తిలో 300 అయితే ఫలితాలు 25 శాతం, 33 శాతం, వరుస తారుమారైంది. కానీ నొప్పి వల్లనో, అలవాటు లేకనో రెండవ వ్యక్తి పూర్తి బలం చూపలేదనుకుంటే, అసలు గరిష్ఠం 400 అయినప్పుడు 33 శాతం కాస్తా 25 అవుతుంది. విరామాలతో పలుమార్లు ప్రయత్నింపజేసి అత్యధిక విలువను తీసుకోవడం ఈ దోషాన్ని తగ్గిస్తుంది. గరిష్ఠ ప్రయత్నం చేయలేని రోగులలో ఒక స్థిరమైన తేలిక బరువు వద్ద వచ్చిన విలువతో భాగించవచ్చు; అయితే ఆ ఫలితం అదే సిటింగులో, ఎలక్ట్రోడ్లు తీయకుండా, అదే వ్యక్తిలోని మార్పును తెలపడానికే ఎక్కువగా పనికివస్తుంది.