ఏడాది బిడ్డకు వీడ్కోలు ఉత్తరం

జూన్ వచ్చేసరికి అమెరికాలో చాలా బడులకు సెలవులు ఇచ్చేస్తారు. అప్పుడే వేల ఇళ్ళల్లో ఒక గది ఖాళీ అవుతుంది. నిరుడు ఆగస్టులో సూట్‌కేసు ఈడ్చుకుంటూ దిగిన పదహారేళ్ళ పిల్లో పిల్లాడో ఏడాదిపాటు ఆ ఇంట్లో ఉండి, అక్కడి హైస్కూల్లో చదివి, ఇప్పుడు తిరుగు ప్రయాణానికి సామాను సర్దుకుంటూ ఉంటారు. ఆ హడావిడిలోనే ఇంటివాళ్ళు ఒక ఉత్తరం రాసి చేతికిస్తారు. ఇవ్వాలన్న నియమం ఏదీ లేదు. అయినా చాలామంది రాస్తారు, వెళ్ళిన పిల్లలు దాన్ని ఏళ్ళ తరబడి దాచుకుంటారు.

ఈ ఏర్పాటుకు వెనక పెద్ద చరిత్రే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్సులు నడిపిన అమెరికన్ వలంటీర్ల సంస్థ ఏఎఫ్ఎస్, రెండో యుద్ధం ముగిశాక 1947లో 10 దేశాల నుంచి 52 మంది విద్యార్థులను అమెరికాకు రప్పించి చదివించింది. 2001 దాడుల తర్వాత అమెరికా ప్రభుత్వం తన ఖర్చుతో కెనెడీ-లూగర్ పేరిట యెస్ అనే పథకం మొదలుపెట్టింది. మన దేశం నుంచి కూడా హైస్కూలు పిల్లలు ఎంపికై ఆ పథకం కింద వెళ్తున్నారు.

అతిథి కుటుంబానికి జీతం ఉండదు. ఇల్లు చూసి, ఇంట్లోని పెద్దల నేర చరిత్ర వాకబు చేసి మరీ ఒప్పుకుంటారు. పిల్లకు సొంత మంచం ఉండి తీరాలి. స్థానిక కోఆర్డినేటర్ నెలనెలా అటు విద్యార్థితోనూ ఇటు కుటుంబంతోనూ మాట్లాడాలి. ఇంత కట్టుదిట్టంగా ఉన్నా, ఏడాది ముగిశాక ఒకరికొకరు ఏమవుతారన్నది మాత్రం ఏ కాగితమూ చెప్పదు. వీడ్కోలు ఉత్తరం ఆ ఖాళీలో పుడుతుంది.

వరంగల్ నుంచి అయోవాలోని ఒక చిన్న ఊరికి వెళ్ళిన అమ్మాయిని ఊహించుకుందాం. ఆతిథ్యమిచ్చిన ఇల్లాలు మొదటిసారి రాసే చిత్తు ఇలా ఉంటుంది: "నువ్వు అద్భుతమైన అమ్మాయివి. నీతో గడిపిన ఏడాది మరచిపోలేం. నువ్వెప్పటికీ మా కూతురివే. ఎప్పుడు కావాలంటే అప్పుడు రా." ఇందులో అబద్ధం లేదు. కానీ ఈ నాలుగు మాటలూ ఏ పిల్లకైనా సరిపోతాయి. అమ్మాయి వరంగల్‌లో కూర్చుని చదువుకుంటే, ఆ ఏడాది నిజంగా జరిగిందనడానికి ఇందులో ఒక్క ఆనవాలూ దొరకదు.

లోపం అక్కడే ఉంది. ఆ ఏడాదిని చూసినవాళ్ళు ఆమె సొంత ఊళ్ళో ఎవరూ లేరు. మొదటి మంచు పడిన రోజు, పసుపుపచ్చ బస్సు తప్పిపోయిన ఉదయం, నవంబరులో నాలుగున్నర దాటగానే మసక కమ్ముతుంటే గదిలో ఒంటరిగా ఏడ్చిన సాయంత్రం, ఇవన్నీ అమ్మానాన్నలు ఫోన్లో ముక్కలు ముక్కలుగా విన్నవే. కళ్ళారా చూసినవాళ్ళు అయోవాలోనే ఉండిపోతారు. ఆ ఉత్తరం నిజంగా చేయాల్సిన పని సాక్ష్యం చెప్పడం.

అందుకే రెండో చిత్తులో ఆ ఇల్లాలు విశేషణాలు తీసేసి సంగతులు రాస్తుంది: "అక్టోబరు దాకా నువ్వు భోజనాల బల్ల దగ్గర అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునేదానివి. డిసెంబరులో ఒక రాత్రి పప్పు వండుతానని నువ్వే అన్నావు. మా చిన్నాడు కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూనే రెండోసారి వడ్డించుకున్నాడు. ఇప్పుడు మేం గుమ్మం బయటే బూట్లు విప్పుతున్నాం, అది నీ వల్లే. ఫిబ్రవరిలో మనిద్దరం ఫోను గురించి గట్టిగా పోట్లాడుకున్నాం. మర్నాడు నువ్వే వచ్చి మాట్లాడావు, నేనింకా బెట్టు మీదే ఉన్నాను. ఆ రోజు పెద్దదానిలా నడుచుకున్నది నువ్వు."

పోట్లాట రాయాలా అని చాలామంది సంకోచిస్తారు. రాయాలి. ఏడాదిలో ఒక్క చికాకూ రాలేదన్నట్టు రాస్తే పిల్ల నమ్మదు, మిగతా మెచ్చుకోళ్ళ మీద కూడా నమ్మకం పోతుంది. అయితే అప్పటికి చల్లారిన గొడవే రాయాలి. మానని గాయాన్ని ఉత్తరంలో కెలికితే, ఎదురుగా మాట్లాడుకునే అవకాశం లేక అది అలాగే ఉండిపోతుంది.

ఉత్తరం రాసేవాళ్ళు తరచూ మరిచిపోయేది రెండో పాఠకురాలిని. ఈ ఉత్తరం అమ్మాయి తల్లి కూడా చదువుతుంది. ఏడాదిపాటు బిడ్డను కళ్ళ ముందు లేకుండా ఉంచుకున్న ఆమెకు "నువ్వెప్పటికీ మా కూతురివే" అన్న వాక్యం గుండెలో కలుక్కుమనొచ్చు. "మీ అమ్మ పెంచిన పిల్లను ఏడాది మా దగ్గర ఉంచుకున్నాం" అంటే అదే ప్రేమ, ఎవరి స్థానమూ కదలదు. కొన్ని ఇళ్ళల్లో తల్లిదండ్రులకు విడిగా ఒక పేజీ రాసి పెడతారు. అది ఎంతో మంచి పద్ధతి.

"ఎప్పుడు కావాలంటే అప్పుడు రా" అన్న మాటనూ జాగ్రత్తగా రాయాలి. యెస్ లాంటి ప్రభుత్వ ఖర్చు మీద వెళ్ళినవాళ్ళకు రెండేళ్ళు సొంత దేశంలో ఉండాలన్న నిబంధన వర్తిస్తుంది. అది తీరేదాకా హెచ్-1బి లాంటి ఉద్యోగ వీసాలూ గ్రీన్ కార్డూ రావు. చుట్టపుచూపుగా వెళ్ళడానికి గానీ, చదువుకోడానికి విద్యార్థి వీసా మీద వెళ్ళడానికి గానీ ఆ నిబంధన అడ్డు కాదు, కానీ ఆ వీసాలైనా ఇచ్చేది కాన్సులేటే, ఆతిథ్యమిచ్చిన కుటుంబం కాదు. "నువ్వొస్తే నీకు మంచం ఉంటుంది" అని రాస్తే చాలు, అంతవరకు వాళ్ళ చేతిలో ఉంది.

ఇంకో సంగతి కూడా ఇందులో ఉండాలి. ఇల్లు చేరాక మొదటి నెలలు అనుకున్నంత హాయిగా ఉండవు. గల్లాహార్న్ దంపతులు 1963లోనే రాశారు: విదేశంలో కుదురుకోవడానికి పడే తిప్పలే తిరిగొచ్చాక మరోసారి ఎదురవుతాయని. అమ్మాయి తన గదికి తలుపు వేసుకుంటుంది, ఇంట్లోవాళ్ళకు అది కోపంలా తోస్తుంది. "కొన్నాళ్ళు అక్కడ నీకు కొత్తగా ఉంటుంది, అది నీ తప్పూ కాదు, మీ వాళ్ళ తప్పూ కాదు" అన్న ఒక్క వాక్యం ఉత్తరంలో ఉంటే ఆ రోజుల్లో పనికొస్తుంది.

రాయడానికి ఆఖరి రాత్రి మంచిది కాదు. అప్పటికి అందరూ అలసిపోయి, కన్నీళ్ళ మీద ఉంటారు, సంగతులు గుర్తు రావు. వారం ముందే మొదలుపెట్టి, ఇంట్లో చిన్నవాళ్ళ చేత కూడా వాళ్ళ చేతిరాతతోనే నాలుగు ముక్కలు రాయించాలి. చివర చిరునామా, ఈమెయిలు స్పష్టంగా రాయాలి, ఎందుకంటే ఊరు చేరగానే సిమ్ మారుతుంది, పాత నంబరు పోతుంది. సామానులో వేస్తే పెట్టె తప్పిపోయే ప్రమాదం ఉంది కాబట్టి చేతిసంచీలో పెట్టాలి. విమానాశ్రయంలో ఇస్తే ఎదురుగా చదవమని అడగకూడదు.

ఇక మన వైపు తల్లిదండ్రులకు ఒక మాట. ఆ ఉత్తరం మీ బిడ్డకు రాసింది, తనంతట తాను చూపించేదాకా అడగకండి. చూపించాక మాత్రం ఆలస్యం చేయకండి. నెల తిరక్కుండా ఆ కుటుంబానికి మీరూ ఒక పేజీ రాయండి. ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే రాయండి, కింద మీ అమ్మాయి చేత అర్థం రాయించండి.