ఆర్వోకి ఏడాది కాంట్రాక్టు: ధర వెనక లెక్క

వాటర్ ప్యూరిఫయర్లు బాగుచేసే చిన్న షాపు ఏఎంసీ ధర ఎలా కడుతుంది? హైదరాబాద్‌లో బోరు నీళ్లు వాడే ఒక ఇల్లు తీసుకుందాం. అంకెలన్నీ ఉదాహరణకే.

ఏడాదికి రెండు సర్వీసులు, సగటున ఒక ఫిర్యాదు. మనిషి మూడుసార్లు వెళ్లాలి. పెట్రోలు, జీతం కలిపి విజిట్‌కు 200 చొప్పున 600. సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లకు 700. మెంబ్రేన్ 1,800, రెండేళ్లు వస్తుందనుకుంటే ఏడాది వాటా 900. పంపు, అడాప్టర్ లాంటివి నలుగురిలో ఒకరికి పోతాయనీ, పోతే 1,600 అవుతుందనీ అనుకుంటే తలకు 400. మొత్తం 2,600. లాభం 500 కలిపి 3,100 అంటారు, జీఎస్టీ అదనం.

ఈ లెక్కను తలకిందులు చేసేది మెంబ్రేనే. నీళ్లలో గట్టిదనం ఎక్కువైతే అది ఏడాదికే మూసుకుపోవచ్చు. అప్పుడు ఖర్చు 3,500కి చేరి, షాపుకు 400 నష్టం. పైగా మిషన్ మొరాయిస్తున్నవాళ్లే కాంట్రాక్టుకు ముందుకొస్తారు! అందుకే తెలివైన మెకానిక్ సంతకానికి ముందే టీడీఎస్ మీటర్ పెడతాడు. లోపలికి 900 వెళ్లి బయటికి 90 వస్తుంటే మెంబ్రేన్ బాగున్నట్టే. టీడీఎస్ అడ్జస్టర్ మూసినా 250 చూపిస్తే, ముందు మెంబ్రేన్ మార్పించుకోమంటాడు.

మెంబ్రేన్ లేని కాంట్రాక్టు చవగ్గా కనిపిస్తుంది. పై లెక్కలోంచి 900 తీసేస్తే అది 2,200 దగ్గర ఉండాలి. 2,800 అడిగితే బేరమాడాల్సిందే.